ఫారెక్స్ కార్డు: నింపేటప్పుడు, గీకేటప్పుడు

ఫారెక్స్ కార్డులో రూపాయలుండవు. మన బ్యాంకు ఖాతాలోంచి రూపాయలు కట్టిన రోజునే అవి డాలర్లుగానో, పౌండ్లుగానో, యూరోలుగానో మారిపోయి కార్డులోకి చేరతాయి. అమెరికాలో దుకాణంలో పన్నెండు డాలర్ల బిల్లు కడితే కార్డులోంచి సరిగ్గా పన్నెండు డాలర్లే పోతాయి. ఆ రోజు డాలరు పెరిగిందా, తగ్గిందా అన్నది ఆ బిల్లుకు సంబంధం లేని విషయం. మామూలు డెబిట్ కార్డుకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. డెబిట్ కార్డు గీకిన ప్రతిసారీ డాలర్లను రూపాయల్లోకి మార్చి, ఆ మార్పిడికి బ్యాంకు తన రుసుము కలుపుకుంటుంది. ఫారెక్స్ కార్డులో ఆ మార్పిడి ఒక్కసారే, ముందే జరిగిపోతుంది.

అందుకే పిల్లలను పైచదువులకు పంపే ఇళ్లలో ఈ కార్డు తప్పనిసరి సామాను అయిపోయింది. అయితే ముందే మార్చి పెట్టుకున్న డబ్బు మళ్లీ ఇంకోసారి, కొన్నిసార్లు రెండుసార్లు మారిపోయే సందర్భాలు ఉన్నాయి. కార్డు ఖరీదు కాబట్టి నష్టపోయాం అనుకునేవాళ్లలో చాలామంది నిజానికి నష్టపోయేది అక్కడే. అది ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే కార్డు వెంట కొంచెం దూరం నడవాలి. ఖమ్మం నుంచి దోహా మీదుగా డాలస్‌కు ఎం.ఎస్. చదవడానికి వెళ్తున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె కార్డులో 3000 డాలర్లు నింపాలని తండ్రి అనుకున్నాడు.

కార్డు బ్యాంకులో తీసుకోవచ్చు, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్ దగ్గరా తీసుకోవచ్చు. పాస్‌పోర్టు, వీసా, పాన్ కార్డు, విశ్వవిద్యాలయం పంపిన ప్రవేశపత్రం అడుగుతారు. అమెరికాకైతే ఆ ప్రవేశపత్రం ఐ-20. కొన్నిచోట్ల విమానం టికెట్ కూడా చూపించమంటారు. ఏ2 అనే ఫారం మీద సంతకం పెట్టాలి. ఈ డబ్బు ఏ పనికి విదేశం వెళ్తోందో మనం ప్రకటించే ఫారం అది. మనదేశంలో ఉంటున్న ఒక్కో వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకూ బయటికి పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకు పథకం చెబుతుంది. కార్డులో నింపింది, ఫీజు కోసం పంపింది అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. రూపాయలు చెక్కు ద్వారానో, ఆన్‌లైన్ బదిలీ ద్వారానో కట్టాలి. యాభై వేలు, అంతకు మించిన మొత్తానికి నోట్ల కట్టలు తీసుకోరు.

ఏ2 ఫారంలో ఒక గడి దగ్గర నిదానించాలి. పంపే కారణం రాసే గడి అది. హడావుడిలో కౌంటరులో ఉన్నవారు 'విదేశీ ప్రయాణం' అని మామూలు పద్దు కింద వేసేస్తే, ఆ తర్వాత పన్ను దగ్గర తేడా వస్తుంది. బయటికి పంపే డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే పాన్ మీద పది లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగంపై బ్యాంకు ముందుగానే పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేస్తుంది. టీసీఎస్ అంటున్నది దీన్నే. పది లక్షల పరిమితి 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, అంతకుముందు ఏడు లక్షలు. చదువు కోసమైతే ఈ వసూలు బాగా తక్కువ శాతం, ఊరికే తిరిగి రావడానికైతే చాలా ఎక్కువ. చట్టం గుర్తించిన ఆర్థిక సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణంతో పంపుతుంటే 2025 ఏప్రిల్ నుంచి అసలు వసూలే లేదు. అందుచేత కారణం 'విద్య' అనే పడిందో లేదో సంతకం పెట్టేముందు చూసుకోవాలి. ఈ పన్ను పోయిన డబ్బు కాదు. ఎవరి పాన్ మీద వసూలైందో వారి ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వాపసు వస్తుంది. కానీ ఫీజులు కట్టే నెలలోనే పెద్ద మొత్తం చేతిలోంచి వెళ్లి, నెలల తర్వాత తిరిగి రావడం మధ్యతరగతి ఇంటికి చిన్న భారం కాదు.

ఇక రేటు. కౌంటరులో ముందుగా వినిపించేది "కార్డు ఫ్రీ అండీ, ఇష్యూ ఛార్జీ ఏమీ లేదు" అనే మాట. ఆ తండ్రి అడగవలసిన ప్రశ్న వేరు: "ఈ గంటలో డాలరు ఎంతకిస్తారండీ?" బ్యాంకులు తమలో తాము డాలర్లు కొనుక్కునే ధర ఒకటుంటుంది. దాని మీద తమ లాభం కలిపి మనకు అమ్ముతారు. లెక్క తేలిగ్గా సాగడానికి బ్యాంకుల మధ్య ధర 90 రూపాయలనుకుందాం. ఒకచోట 91 రూపాయల 20 పైసలు చెప్పారు. 3000 డాలర్లకు 2,73,600 రూపాయలు. మరోచోట 90 రూపాయల 50 పైసలు చెప్పారు, కార్డుకు మాత్రం మూడొందలు అడిగారు. అక్కడ డాలర్లకు 2,71,500, కార్డు ఖరీదు కలిపినా 2,71,800. ఉచితం అన్న కార్డే పద్దెనిమిది వందలు ఎక్కువ తీసుకుంది. పైగా ఈ తేడా మళ్లీ నింపిన ప్రతిసారీ ఉంటుంది, కార్డు ఖరీదు ఒక్కసారితో పోతుంది.

దీని మీద జీఎస్టీ కూడా ఉంటుంది గానీ చాలామంది భయపడేటంత ఉండదు. మొత్తం సొమ్ము మీద పద్దెనిమిది శాతం కాదు. మార్చిన మొత్తంలో ఒక చిన్న భాగాన్ని సేవ విలువగా లెక్కగట్టి, దాని మీద మాత్రమే పద్దెనిమిది శాతం వేస్తారు. లక్ష నుంచి పది లక్షల మధ్య ఆ సేవ విలువ వెయ్యి రూపాయలు, దానికి తోడు లక్ష దాటిన మొత్తంపై అర శాతం. మన 2,73,600కి అది 1868 రూపాయలవుతుంది, దాని మీద జీఎస్టీ 336. రసీదులో ఈ అంకె ఇంతకంటే చాలా ఎక్కువ కనిపిస్తే ఎందుకని అడగాలి.

నోట్ల మాటా చెప్పుకోవాలి. చేతిలో డాలరు నోట్లు ఒక ప్రయాణానికి 3000 డాలర్ల విలువ వరకూ తీసుకెళ్లవచ్చు. కానీ నోట్ల ధర కార్డు ధరకన్నా ఎక్కువగా ఉంటుంది, పోతే తిరిగిరావు. దిగగానే టాక్సీకో, చిల్లర ఖర్చులకో రెండు మూడు వందల డాలర్ల నోట్లు చాలు.

కార్డులో ఎంత వెయ్యాలి? నా మట్టుకు నేను మొదటి నెలా రెండు నెలల ఖర్చుకు సరిపడానే వెయ్యమంటాను. సెమిస్టరు ఫీజు కూడా ఇందులోనే నింపి పంపుదామని కొందరు అనుకుంటారు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు కార్డుతో ఫీజు కడితే మూడు శాతానికి అటూ ఇటూగా సేవా రుసుము అదనంగా వేస్తాయి. పదివేల డాలర్లకు మూడొందల డాలర్లు ఊరికే పోయినట్టే. ఫీజును బ్యాంకు నుంచి నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకు పంపడం మంచిది. ఇంకో కారణమూ ఉంది. అక్కడికి వెళ్లిన కొద్ది వారాల్లో పిల్లలు స్థానిక బ్యాంకులో ఖాతా తెరుస్తారు. ఫారెక్స్ కార్డులోని డబ్బును ఆ ఖాతాలోకి నేరుగా బదిలీ చేసే దారి మామూలుగా ఉండదు. ఏటీఎంలో కొంచెం కొంచెంగా తీసి, మళ్లీ తీసుకెళ్లి జమ చేయాలి. తీసిన ప్రతిసారీ రుసుములే. కార్డులో పడి ఉన్న డబ్బుకు వడ్డీ కూడా రాదు.

తక్కువైతే ఇంటినుంచి మళ్లీ నింపవచ్చు. చాలా బ్యాంకుల్లో నెట్ బ్యాంకింగ్ ద్వారానే ఆ పని అవుతుంది, ఏ2 ప్రకటన కూడా తెరమీదే ఇస్తారు. ఇక్కడ గుర్తుంచుకోవలసింది వారాంతం. మన విదేశీ మారక మార్కెట్ శని ఆదివారాలు మూసి ఉంటుంది. కొన్ని సంస్థలు సెలవుల్లోనూ నింపుతున్నాయి గానీ చాలాచోట్ల సోమవారం రేటుతో, సోమవారమే పడుతుంది. డాలస్‌లో శుక్రవారం సాయంత్రం అంటే ఇక్కడ అప్పటికే శనివారం తెల్లవారుజాము. "నాన్నా, కార్డులో ఇరవై డాలర్లే ఉన్నాయి" అని ఆ సాయంత్రం ఫోనొస్తే, తండ్రి ఎంత తొందరపడినా ఆ డబ్బు రెండు రోజుల తర్వాతే చేరవచ్చు. నెలాఖరు అద్దె శనివారం కట్టాల్సి ఉంటే గురువారం నాటికే చూసుకోవాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి బయల్దేరింది. శంషాబాద్ విమానాశ్రయంలో కాఫీకి ఈ కార్డు ఇస్తే పనిచేయదు. భారత్‌లో, నేపాల్‌లో, భూటాన్‌లో ఫారెక్స్ కార్డు చెల్లదు. తర్వాత దోహాలో దిగింది. ఆకలేసి తిండికి 30 ఖతార్ రియాళ్ల బిల్లు చేసింది. ఆమె కార్డులో ఉన్నవి డాలర్లు, దుకాణం అడిగింది రియాళ్లు. కార్డు చెల్లుతుంది, కానీ ఇక్కడ రెండో మార్పిడి జరుగుతుంది. డాలరుకు 3.64 రియాళ్లు అనేది ఖతార్ ఎప్పటినుంచో స్థిరంగా ఉంచిన ధర. ఆ లెక్కన 8 డాలర్ల 24 సెంట్లు. దాని మీద కార్డు సంస్థ కరెన్సీ మార్పు రుసుము వేస్తుంది. సంస్థను బట్టి రెండు నుంచి మూడున్నర శాతం దాకా ఉంటుంది. మూడున్నర అనుకుంటే మరో 29 సెంట్లు. ఒక్క పూట తిండికి ఇది లెక్కలోకి రాదు, ఆకలి చంపుకోవలసిన పనీ లేదు. కానీ జర్మనీలో చదివే పిల్లాడి కార్డులో 'ఎక్కడైనా చెల్లుతాయి కదా' అని డాలర్లు నింపి పంపితే, ఆ మూడున్నర శాతం అతను కొనే ప్రతి రొట్టె మీదా, కట్టే ప్రతి అద్దె మీదా పడుతుంది. వెళ్లే దేశం డబ్బే కార్డులో ఉండాలి.

ఒకే కార్డులో చాలా దేశాల డబ్బు పెట్టుకునే వీలున్నవీ వస్తున్నాయి. వాటిలో ఒక్కో కరెన్సీకి ఒక్కో అర ఉంటుంది. యూరోల బిల్లు వస్తే యూరోల అరలోంచి పోతుంది. ఆ అరలో సరిపడా లేకపోతే కొన్ని కార్డులు వేరే అరలోంచి మార్చి తీసుకుంటాయి, కొన్ని తిరస్కరిస్తాయి. ఏ వరసలో తీసుకుంటుందో కార్డుతో ఇచ్చిన కాగితాల్లో ఉంటుంది. ఒక అరలోంచి ఇంకో అరలోకి మనమే మార్చుకున్నా రుసుము ఉంటుంది.

డాలస్‌లో కిరాణా కొట్టుకు వెళ్లింది. కార్డును యంత్రానికి ఆనించడమో, చిప్ ఉన్న వైపు దూర్చడమో చేయాలి. చాలా కార్డుల్లో ఆనించి కట్టే సదుపాయం, ఆన్‌లైన్‌లో కట్టే సదుపాయం మొదట్లో ఆపి ఉంటాయి. బయల్దేరేముందు ఇంట్లో కూర్చునే బ్యాంకు యాప్‌లో వాటిని తెరిచి పెట్టుకోవాలి. అమెరికాలో యంత్రం కొన్నిసార్లు క్రెడిటా, డెబిటా అని అడుగుతుంది. మనది క్రెడిట్ కార్డు కాదు కదా అని పిల్లలు తటపటాయిస్తారు. అక్కడ ఆ ప్రశ్న అప్పు గురించి కాదు, లావాదేవీ ఏ దారిన వెళ్లాలన్న దాని గురించి. వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తున్న ఫారెక్స్ కార్డుకు CREDIT నొక్కితే సాధారణంగా పనైపోతుంది, సంతకం అడిగితే పెట్టాలి.

కార్డులో 18 డాలర్లే ఉండి బిల్లు 25 వస్తే కార్డు మొత్తంగా తిరస్కరిస్తుంది. ఉన్న పద్దెనిమిదీ ఇవ్వదు. అప్పుడు కౌంటరులో ముందే చెప్పాలి, పద్దెనిమిది కార్డుతోనూ మిగతాది నోట్లతోనూ తీసుకోమని. పెద్ద దుకాణాల్లో ఇది మామూలే, ఎవరూ వింతగా చూడరు.

దుకాణాల్లో ఎక్కువమందిని కలవరపెట్టేది హోల్డ్. నలుగురు కలిసి స్నేహితుడి కారులో వెళ్తూ పెట్రోలు పోయించుకోవడానికి ఆ అమ్మాయి తన కార్డు పంపు దగ్గరే దూర్చిందనుకోండి. ఎంత పోసుకుంటారో యంత్రానికి ముందు తెలియదు. అందుకని వంద డాలర్లో, అంతకు పైనో కార్డులో ముందుగా బిగించి పెట్టుకుంటుంది. కార్డులో 140 డాలర్లున్నాయి, యంత్రం 125 బిగించింది, పోసుకున్నది 30 డాలర్ల పెట్రోలు. ఇప్పుడు ఆమె యాప్‌లో వాడుకోవడానికి 15 డాలర్లే కనిపిస్తాయి. అసలు లెక్క తేలితే 110 ఉండాలి. ఆ మిగతాది విడుదలవడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, కొన్ని రోజులూ పట్టవచ్చు. క్రెడిట్ కార్డువాడికి ఇది తెలియను కూడా తెలియదు, పరిమితి పెద్దది కాబట్టి. ఉన్నదే అంత అయిన ప్రీపెయిడ్ కార్డుకు మాత్రం ఊపిరాడదు. పైగా ఆ పంపులు ఇంటి చిరునామాలోని జిప్ కోడ్ అడుగుతాయి, మన పిన్‌కోడ్ ఆరు అంకెలు, వాళ్లది అయిదు, అక్కడే చాలా కార్డులు ఆగిపోతాయి. రెండు చిక్కులకూ మందు ఒక్కటే. పంపు దగ్గర కాకుండా లోపలికి వెళ్లి, ఫలానా పంపుకు ముప్ఫై డాలర్లు అని కౌంటరులో కట్టాలి.

హోటల్ గదులకూ అద్దె కార్లకూ ఇదే పద్ధతి, బిగించే మొత్తం ఇంకా పెద్దది, వదలడానికి పట్టే కాలం ఇంకా ఎక్కువ. అద్దె ఇల్లు దొరికేదాకా మొదటి వారం హోటల్లో ఉండేవాళ్లు ఆ బయానా సొమ్మును కూడా లెక్కలో వేసుకునే కార్డు నింపుకోవాలి. రెస్టారెంట్లో టిప్పుది చిన్న రూపం: బిల్లు 40 డాలర్లకు ఆమోదం తీసుకుని, రెండు రోజుల తర్వాత టిప్పుతో కలిపి 48 తీసుకుంటారు. యాప్‌లో మొదట ఒక అంకె, తర్వాత ఇంకో అంకె కనిపించడానికి కారణం ఇదే. మోసం కాదు.

ఇక నగదు యంత్రం. ఏటీఎంలో పిన్ కొట్టాక ఏ ఖాతాలోంచి అని అడుగుతుంది. మనకు అలవాటైన సేవింగ్స్ వైపు వేలు పోతుంది, కానీ అది నొక్కితే తిరస్కరించే యంత్రాలున్నాయి. సాధారణంగా CHECKING నొక్కితే పనవుతుంది, కాకపోతే CREDIT. తిరస్కరించిందని పిన్ తప్పేమో అనుకుని మళ్లీ మళ్లీ వేరే అంకెలు కొట్టకూడదు. మూడుసార్లు తప్పితే కార్డే ఆగిపోతుంది.

ఏటీఎంలో రుసుములు రెండు వైపులనుంచి వస్తాయి. ఒకటి మన కార్డు సంస్థది, చాలా కార్డులకు అమెరికాలో ఒక్కసారికి రెండు డాలర్లకు అటూ ఇటూ. రెండోది ఆ యంత్రం యజమానిది, మూడు నాలుగు డాలర్లు, చిన్న కొట్లలో నిలబెట్టిన యంత్రాలకు ఇంకా ఎక్కువ. యజమాని రుసుము ఎంతో తెరమీద చూపించి సమ్మతి అడుగుతుంది. వద్దనుకుంటే అక్కడే రద్దు చేసుకుని రావచ్చు. ఇరవై తీసినా, రెండొందలు తీసినా రుసుము ఒకటే. కాబట్టి పదిసార్లు ఇరవై తీయడం అరవై డాలర్లు పారేసుకోవడమే. నిల్వ ఎంత ఉందో యంత్రంలో చూసుకున్నా చాలా కార్డులకు రుసుము పడుతుంది, యాప్‌లో చూసుకుంటే పడదు.

అన్నిటికంటే ఖరీదైన తెర దీని తర్వాత వస్తుంది. కార్డు భారతదేశంలో ఇచ్చినదని యంత్రం దాని నంబరును బట్టి పసిగడుతుంది. అప్పుడు ఎంతో మర్యాదగా, మీ లావాదేవీని మీ సొంత కరెన్సీలో చేసుకోవచ్చు అని అడుగుతుంది. ఒక పక్క రూపాయల్లో మొత్తం, దాని కింద మార్పిడి రేటు, పక్కన ఆకుపచ్చ బొత్తం. యూరప్‌లో ఇది మరీ ఎక్కువ, అమెరికాలో విమానాశ్రయాల్లో, పర్యాటకులు తిరిగే చోట్ల ఎదురవుతుంది. పరాయి దేశంలో రూపాయి గుర్తు కనిపించగానే తెలిసిన మనిషి ఎదురైనట్టుంటుంది. ఎంత పోతోందో అర్థమవుతుందని పిల్లలు అదే నొక్కుతారు.

ఆ బొత్తం నొక్కితే ఏమవుతుందో లెక్క చూద్దాం. ఆ అమ్మాయికి 200 డాలర్లు కావాలి. అసలు రేటు 90 కాగా యంత్రం తన లాభం ఏడు శాతం కలిపి 96 రూపాయల 30 పైసల చొప్పున 19,260 రూపాయలని చూపిస్తుంది. సరే అంది. ఇప్పుడు ఈ లావాదేవీ ఇకపై 200 డాలర్లది కాదు, 19,260 రూపాయలది. కార్డులో రూపాయలు లేవు కదా. అందుకని కార్డు నెట్‌వర్క్ ఆ రూపాయలను మళ్లీ డాలర్లలోకి మారుస్తుంది: 90 చొప్పున 214 డాలర్లు. రూపాయి ఈ కార్డుకు పరాయి కరెన్సీ కాబట్టి దోహాలో పడిన ఆ మూడున్నర శాతం రుసుము ఇక్కడా పడుతుంది: ఏడున్నర డాలర్లు. మొత్తం 221 డాలర్ల 49 సెంట్లు. చేతికొచ్చింది రెండొందలే. ఏటీఎం రుసుములు దీనికి అదనం. తన డాలర్లను తానే తీసుకోవడానికి రెండుసార్లు మార్పిడి ఖర్చు భరించిందన్నమాట. కొన్ని కార్డు సంస్థలు రూపాయల్లో వచ్చిన ఇలాంటి లావాదేవీని అసలు ఒప్పుకోకుండా తిరస్కరిస్తాయి. ఖాతాదారుకు అది మేలే. అయితే పిల్లలకు కారణం తెలియక కార్డు చెడిపోయిందని కంగారు పడతారు.

కాబట్టి ఆ తెర వచ్చినప్పుడు WITHOUT CONVERSION అని ఉన్న బొత్తమో, స్థానిక కరెన్సీ పేరున్న బొత్తమో నొక్కాలి. ఆ మాట కొన్ని యంత్రాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మార్పిడి వద్దంటే నిజంగానే వద్దా అని ఇంకోసారి అడుగుతుంది. కొన్నింట్లో DECLINE అని ఉంటుంది. అది నొక్కితే డబ్బు రాదేమోనని జంకుతారు. తిరస్కరించేది ఆ రేటును మాత్రమే, డబ్బు మామూలుగానే వస్తుంది. రద్దయిపోతే మరో యంత్రానికి వెళ్లడమే.

దుకాణాల్లో ఇంకో చిక్కుంది. ఆ తెర మనవైపు కాక కౌంటరులో ఉన్న మనిషి వైపు ఉంటే, అడక్కుండానే రూపాయలు నొక్కేస్తారు. లండన్‌లో చదివే పిల్లలకు ఇది బాగా ఎదురయ్యే అవకాశం ఉంది. పట్టుకునే దారి రసీదే. పౌండ్ల అంకె పక్కన INR అని, మార్పిడి రేటు అని కనిపిస్తే అది జరిగిపోయినట్టే. దుకాణం దాటకముందే, ఈ లావాదేవీ రద్దు చేసి పౌండ్లలో చేయండి అని అడిగే హక్కు కార్డుదారుకు ఉంది. బయటికొచ్చేశాక కష్టం. ఎందుకంటే ఆ రసీదులో, కార్డుదారు తనకిష్టమై ఈ కరెన్సీ ఎంచుకున్నారని ముద్రించి ఉంటుంది.

రసీదు పారేసినా యాప్‌లోని స్టేట్‌మెంట్‌లో చూడవచ్చు. ప్రతి లావాదేవీకీ జరిగిన కరెన్సీ, కార్డులోంచి పోయిన కరెన్సీ విడివిడిగా ఉంటాయి. అమెరికాలో కొన్నదానికి రెండు చోట్లా USD ఉండాలి. ఒక్కచోట INR కనిపించినా తెలిసిపోతుంది. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు లాగిన్ అయి చూసినా పట్టుకోగలిగిన విషయం ఇది.

నోట్లు రాకుండానే ఖాతాలోంచి డబ్బు పోవడం అక్కడి ఏటీఎంలలోనూ జరుగుతుంది. అప్పుడు యంత్రం యజమానితో వాదించి లాభం లేదు. కార్డు ఇచ్చిన మన బ్యాంకుకే ఫిర్యాదు చెయ్యాలి, యంత్రం ఉన్న చోటు, సమయం, రసీదు ఉంటే దాని ఫొటో జతచెయ్యాలి. డబ్బు తిరిగొచ్చేసరికి వారాలు పట్టవచ్చు. చాలా బ్యాంకులు కార్డుతో పాటు రెండో కార్డు కూడా ఇస్తాయి. ఒకటి పర్సులో, ఒకటి పెట్టెలో ఉంచాలి. రెండూ ఒకే పర్సులో పెట్టుకుని పోగొట్టుకున్నవాళ్లకు కొత్త కార్డు సముద్రం దాటి వచ్చేదాకా స్నేహితులే దిక్కు. కార్డు కనిపించకపోతే ముందు చేయవలసింది యాప్‌లో తాళం వేయడం, వెతకడం తర్వాత.

ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఓటీపీ వస్తే అది ఇక్కడి మొబైల్ నంబరుకు వస్తుంది. ఆ సిమ్ అక్కడ రోమింగ్ లేక చచ్చిపోయి ఉంటే కార్డులో డబ్బుండీ వాడుకోలేరు. ఓటీపీ ఈమెయిల్‌కు కూడా పంపే ఏర్పాటు కొన్ని బ్యాంకుల్లో ఉంది, వెళ్లకముందే అది పెట్టించుకోవాలి. లేదంటే ఆ సిమ్‌కు సందేశాలు అందేంత రీచార్జి అయినా చేయిస్తూ ఉండాలి.

చివరికి కార్డులో కొంత మిగులుతుంది. స్థానిక ఖాతా తెరిచి కార్డు పక్కన పడేస్తే, కొన్ని సంస్థలు చాలాకాలం వాడని కార్డు మీద నిర్వహణ రుసుము కోసుకుంటూ పోతాయి. అందుకని మిగిలింది కిరాణాకో, పుస్తకాలకో వాడేసి ఖాళీ చేయడమే అన్నిటికంటే లాభం. రూపాయల్లోకి తిప్పుకోవచ్చు, బ్యాంకుకు దరఖాస్తు ఇస్తే ఖాతాలో వేస్తారు. కాకపోతే అప్పుడు వర్తించేది అమ్మకం ధర కాదు, వాళ్లు మన దగ్గర కొనే ధర. మన లెక్కలో 91 రూపాయల 20 పైసలకు కొన్న డాలరును అదే రోజు వెనక్కిచ్చినా 89కి తీసుకోవచ్చు. 400 డాలర్లు మిగిలితే 880 రూపాయలు అక్కడే పోయాయి. నింపేముందు ఎంత అవసరమో ఆ అమ్మాయి, ఆమె తండ్రి ఒక కాగితం మీద రాసుకుని ఉంటే, మొదటి నెల అద్దె, బయానా, పాత్రలు, దుప్పటి, ఫోను, తిండి అని, ఆ నాలుగొందలు మొదటే కొని ఉండేవారు కాదు.